పచ్చి బాలింతను చూడటానికి వెళ్తే ఎంతసేపు కూర్చోవాలి, ఏం మాట్లాడాలి?

ప్రశ్న: రాయగడలో ఉన్న నా స్నేహితురాలికి పాప పుట్టి 12 రోజులైంది. సిజేరియన్. ఫోన్ చేస్తే "నిద్ర లేదే, ఓపిక లేదే" అంటోంది. వాళ్లమ్మగారు, భర్త తోడున్నారు. ఈ ఆదివారం పార్వతీపురం నుంచి రైల్లో వెళ్లి చూసి రావాలనుకుంటున్నాను. నాకూ ఇద్దరు పిల్లలు, అక్కడికి వెళ్తే నాకు తెలిసిందంతా చెప్పేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. ఎంతసేపు ఉండాలి? తను బాధపడుతుంటే ఏం మాట్లాడాలి?

జవాబు:

బరంపురంలో పురిటి వార్డులో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను, రిటైరయ్యాక ఇప్పుడు రాయగడలోనే ఉంటున్నాను. మీ స్నేహితురాలి పరిస్థితిలో ఉన్న ఆడపిల్లలను దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఎంతసేపన్నది తేల్చుకుందాం. 12 రోజుల పిల్ల రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అంటే ఒకసారి పాలకు పట్టిన దగ్గర్నుంచి మళ్లీ పట్టేదాకా రెండు, మహా అయితే మూడు గంటలు. తాగించడం, భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, తడి గుడ్డ మార్చడం, మళ్లీ పడుకోబెట్టడం కలిపి చూస్తే అందులో దాదాపు గంట పోతుంది. ఆపరేషన్ అయిన అమ్మాయికి మంచం మీద ఒత్తిగిల్లి లేవడానికే టైం పడుతుంది, ఇంకాస్త వేసుకోండి. ఇక మిగిలేది గంట, గంటన్నర. ఆమె తినడం, స్నానం, బాత్రూంకి వెళ్లడం, కాస్త కునుకు తీయడం, అన్నీ అందులోనే కావాలి. చుట్టాలొచ్చి ఆ గంటా కూర్చుంటే ఆ కునుకు పోయినట్టే. మళ్లీ అవకాశం వచ్చేది ఇంకో రెండు మూడు గంటలకి, అప్పుడైనా పాప పడుకుంటేనే. అందుకే 20 నిమిషాలు అంటాను. మీరు బాగా దగ్గరివాళ్లు కాబట్టి అరగంట. అంతకు మించి వద్దు, ఆమె "ఉండవే, ఇప్పుడేగా వచ్చావు" అన్నా సరే. ఆ మాట మనసులోంచే వస్తుంది, కానీ ఒంట్లో ఓపిక లేదు.

ఇందులో పాల సంగతి కూడా ఉంది. ఆకలేసిన పాప వెంటనే ఏడవదు. ముందు తల అటూ ఇటూ తిప్పుతుంది, నోరు తెరుస్తుంది, పిడికిలి నోట్లో పెట్టుకుంటుంది. అప్పుడు పట్టిస్తే తేలిగ్గా పడుతుంది. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే కొత్త తల్లి మొహమాటపడి "వీళ్లు వెళ్లాక ఇద్దాంలే" అని ఆగుతుంది. ఈలోగా పాప గుక్కపట్టి ఏడుస్తుంది, ఆ ఏడుపులో రొమ్ము సరిగ్గా అందుకోదు. తల్లి మనసు కంగారుగా, సిగ్గుగా ఉన్నా, కుట్ల దగ్గర నొప్పిగా ఉన్నా పాలు దిగడం కూడా ఆలస్యమవుతుంది. అప్పుడు పక్కనున్న ఎవరో "అయ్యో, పాలు లేవేమో" అంటారు. అక్కడ పాలు లేకపోవడం ఏమీ లేదు, పక్కన మనిషి ఉండటమే ఇబ్బంది. పాప నోరు కదిలించడం మీ కంట పడితే "నేను అమ్మతో వంటింట్లో ఉంటా" అని మీరే లేచి బయటకు రండి. ఆమె పిలిస్తే లోపలికి వెళ్లండి, పిలవకపోతే అక్కణ్నుంచే బయలుదేరండి.

ఏ వేళకు వెళ్లాలన్నది ఆ ఇంటివాళ్లనే అడగాలి. మన ఇళ్లలో పొద్దున నలుగు, నీళ్లు, సాంబ్రాణి పొగ అయ్యాక పాప గాఢంగా నిద్రపోతుంది. తల్లి పత్యం అన్నం తిని నడుం వాల్చేదీ అప్పుడే. "పొద్దున్నైతే పాప నీట్‌గా రెడీగా ఉంటుంది" అని అందరూ సరిగ్గా ఆ వేళకే వస్తారు. సాయంత్రం 6 దాటాక ఇంకా కష్టం, ఆ వయసు పిల్లలు చాలామంది సాయంత్రం పూట ఎడతెరిపి లేకుండా పాలు అడుగుతారు, ఊరికే ఏడుస్తారు. మధ్యాహ్నం 3, 4 మధ్య చాలా ఇళ్లకు వీలవుతుంది, కానీ అది కూడా అడిగే తెలుసుకోండి. ఫోన్ ఆమెకు చెయ్యకండి, భర్తకో అమ్మగారికో చెయ్యండి. "ఆదివారం మధ్యాహ్నం ఓ 20 నిమిషాలు వచ్చి చూసి పోతాను. మీకు కుదరకపోతే చెప్పండి, ఇంకో వారం వస్తాను" అని వాళ్లు కాదనడానికి దారి ఇచ్చి అడగండి. పురుడు పాటించే ఇళ్లలో 11 రోజుల లోపు బయటివాళ్లు రాకూడదంటారు. మీరు వెళ్లేసరికి ఆ రోజులు దాటినా, వాళ్ల ఇంటి పద్ధతేమిటో అడగడంలో తప్పులేదు. 21వ రోజున బారసాలో, అత్తవారు ఒడియావాళ్లయితే ఏకోయిసియానో చేస్తారు. పాపను చూసి దీవించే సందడి అంతా ఆ రోజు ఎలాగూ ఉంటుంది. అంతకంటే ముందు వెళ్లేది తల్లీతండ్రుల కోసం అనుకోండి.

మీరు రైల్లో వస్తున్నారు కాబట్టి ఒక మాట. తిరుగు రైలుకు మూడు గంటలు టైం ఉందని ఆ మూడు గంటలూ వాళ్లింట్లో గడపడం మన వైపు చాలామంది చేసే పని. వాళ్లు పొమ్మనరు, పైగా భోజనం పెట్టాలి కదా అని అమ్మగారు మళ్లీ పొయ్యి వెలిగిస్తారు. ముందే మజ్జిగౌరమ్మ దర్శనం పెట్టుకోండి, లేదా స్టేషన్‌లో కూర్చోండి. వాళ్లింటికి ఆటోలో వెళ్లి, వెయిటింగ్ డబ్బులిచ్చి ఆటోను బయటే ఉంచండి. లోపలికి అడుగుపెడుతూనే "ఆటో ఆగి ఉంది, 20 నిమిషాల్లో వెళ్లిపోవాలి" అని చెప్పేస్తే, మీరు ఎప్పుడు లేస్తారోనన్న ఆలోచన వాళ్లకుండదు, లేవడానికి మీకూ మొహమాటం ఉండదు.

ఫోన్‌లోనే "టీ తాగే బయలుదేరతాను, ఏమీ పెట్టొద్దు" అనండి. అయినా పెడితే మంచినీళ్లు తాగండి. తీసుకెళ్లేది బాలింతకు కాకుండా ఆమెను చూసుకునేవాళ్లకు తీసుకెళ్లండి. ఆమె పత్యం ఆ ఇంటి లెక్క ప్రకారం నడుస్తుంది: ఒకళ్లు వంకాయ వద్దంటారు, ఒకళ్లు పప్పు వద్దంటారు. మీరు తెచ్చిన గిన్నె ఆమె ముందు పెడితే తినాలా వద్దా అన్నది తల్లీకూతుళ్ల మధ్య గొడవ అవుతుంది. అమ్మగారికి, భర్తకు ఒక పూటకు సరిపడా అన్నం, పప్పు, ఒక వేపుడు, తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బాల్లో ఇచ్చేయండి. పాపకు గౌను తీసుకుంటే కాస్త పెద్ద సైజుది తీసుకోండి, ఈ నెలకు సరిపోయేవి అప్పటికే నిండా ఉంటాయి.

జలుబు, దగ్గు, జ్వరం, నోటి పక్కన పొక్కులు, వీటిలో ఏది ఉన్నా ప్రయాణం మానుకోండి. మీ పిల్లలకు ఉన్నా సరే. పెద్దవాళ్లకు మామూలు జలుబు అయినది ఈ వయసు పిల్లకు ఊపిరి అందని జబ్బు కావచ్చు. ఇంట్లోకి వెళ్లగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, ఎవరూ అడక్కుండానే. పాపను ఇమ్మని అడగొద్దు, ఇస్తే ఎత్తుకోండి, ముద్దు మాత్రం పెట్టొద్దు. ఫోటో తీసి స్టేటస్ పెట్టడం వాళ్ల ఇష్టానికి వదిలేయండి.

ఇక అసలు మీరు భయపడుతున్నది, మాటల సంగతి.

అడగని సలహా ఇవ్వకూడదని చాలామందికి తెలుసు. కానీ సలహా ఎక్కువసార్లు సలహా రూపంలో రాదు, ప్రశ్నలా వస్తుంది. "పాలు సరిపోతున్నాయా?" "ఏ నూనె రాస్తున్నారు?" "నార్మల్‌కి ట్రై చెయ్యలేదా?" "రాత్రిళ్లు పోతపాలు కలపట్లేదా?" అడిగేవాళ్లకు ఇవి పలకరింపులు. 12 రోజులుగా సరిగ్గా నిద్రలేని అమ్మాయికి ఇవి పరీక్షలు. ప్రతిదానికీ జవాబు చెప్పాలి, ఆ జవాబు తప్పేమోనని భయపడాలి. మరీ ముఖ్యంగా పాప ఒళ్లు గురించి ఏమీ అనకండి. "చిక్కిపోయిందేమిటి, పుట్టినప్పుడు ఫోటోలో బొద్దుగా ఉందిగా" అన్న మాట ఒక్కటి చాలు, ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. నిజానికి పుట్టిన మొదటి రోజుల్లో దాదాపు పిల్లలందరూ కాస్త బరువు తగ్గుతారు, నూటికి ఏడు నుంచి పది వంతుల దాకా తగ్గడం మామూలే, రెండు వారాలయ్యేసరికి చాలామంది మళ్లీ పుట్టిన బరువుకు వస్తారు. మీరు చూసేది ఇంకా ఆ మధ్యలో ఉన్న పాపను కావచ్చు. "బొద్దుగా ఉంది" అన్నా ఇబ్బందే, దిష్టి పట్టించుకునే ఇల్లయితే మీరు వెళ్లగానే ఉప్పూ మిరపకాయలూ తీస్తారు. రంగు గురించి, ఎవరి పోలిక అన్నదాని గురించి కూడా మాట్లాడకుండా ఉంటేనే మంచిది. "పాప బాగుంది. నువ్వెలా ఉన్నావు?" చాలు.

"నువ్వెలా ఉన్నావు" అన్నాక ఆగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఆ మౌనాన్ని మీ కాన్పు కథతో నింపాలనిపిస్తుంది, నింపకండి. మీ కాన్పు ఆమె కాన్పు కంటే కష్టమైనదైతే ఆమె బాధ చిన్నదైపోతుంది, తేలికైనదైతే ఆమెకు తనే చేతకానిదాన్నన్న భావం వస్తుంది.

ఈ మధ్య మా వీధిలో జరిగిందొకటి చెబుతాను, మాటలు ఎలా నడుస్తాయో తెలుస్తుంది. అమ్మాయికి తొలి కాన్పు, బాబుకు అప్పటికి 11 రోజులు. నన్ను పిన్నీ అంటుంది. నేను కూర్చోగానే "పాలు చాలట్లేదేమో పిన్నీ, ఎప్పుడూ రొమ్ము పట్టుకునే ఉంటున్నాడు" అంది, కళ్లలో నీళ్లు. పక్కనే ఉన్న పెద్దావిడ అప్పటికే మొదలుపెట్టారు: వెల్లుల్లి కారం, బొప్పాయి కూర, డబ్బా పాలు. నేను "రాత్రంతా ఇదే ఆలోచనా?" అన్నాను. "అవును. వాడు పడుకున్నా నాకు పట్టట్లేదు, మళ్లీ ఎప్పుడు లేస్తాడో అని." "రాత్రి ఎన్నిసార్లు లేచావు?" "లెక్కే లేదు." "మరి అలసిపోవా తల్లీ." అంతే అన్నాను. తను కొంచెంసేపు ఏడ్చింది. వాళ్లమ్మ ఏడవొద్దని కసురుకోబోతే చేత్తో ఆపాను. కన్నీళ్లు తుడుచుకున్నాక తనే "డబ్బా పాలు పట్టమంటున్నారు పిన్నీ, ఏం చెయ్యను?" అని అడిగింది.

ఇప్పుడు అడిగింది. అయినా "నన్ను చెప్పమంటావా, ఊరికే వినమంటావా?" అని ఒకసారి అడిగాను. చెప్పమంది. ఒక్క విషయమే చెప్పాను: రోజుకు 6, అంతకంటే ఎక్కువ గుడ్డలు బాగా తడుపుతుంటే పాలు అందుతున్నాయని గుర్తు, రేపొక్కరోజు లెక్కపెట్టు. ఇంకా మూడు రోజుల్లో, 14వ రోజున, ఆశా దీదీ బరువు చూడ్డానికి వస్తుంది, ఆ బరువు చూసి మిగతాది తనతోనో డాక్టరుతోనో మాట్లాడు అన్నాను. నాకు ఆ విషయం మీద గంటసేపు చెప్పగలిగేంత తెలుసు. కానీ అంత అలసటలో ఉన్న మనిషి ఒక మాట పట్టుకోగలదు, పది మాటలు చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి బరువు, జ్వరం చూస్తారు. కాబట్టి సలహా చెప్పేవాళ్లు ఆ ఇంటికి ఎలాగూ వస్తున్నారు. ఆ పని మీ మీద వేసుకోనక్కర్లేదు.

మీ స్నేహితురాలు "నిద్ర లేదే" అంటే "పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అనొద్దు. ఆ మాట ఆమె ఇప్పటికే చాలామంది నోట విని ఉంటుంది. "నిన్న రాత్రి ఎలా గడిచింది?" అని అడగండి, చెప్పనివ్వండి. "ఎందుకు కన్నానా అనిపిస్తోందే" అన్నా ఉలిక్కిపడకండి, "ఛ, అలా అనకూడదు" అని నోరు నొక్కకండి. "అంత కష్టంగా ఉందా" అనండి. కాన్పయిన మూడో రోజు నుంచి రెండు వారాల దాకా కారణం లేకుండా ఏడుపు రావడం చాలామంది తల్లులకు ఉంటుంది, దానంతట అదే తగ్గుతుంది. సాయం చేస్తానంటే "ఏమైనా కావాలంటే చెప్పు" అని వదిలేయకండి, ఏం కావాలో ఆలోచించే శక్తి కూడా ఆమెకు లేదు. "ఈ బకెట్‌లో గుడ్డలు ఆరేసి వెళ్తాను", "మందుల షాపు నుంచి ఏం తేవాలి?" అని ఒక పని పేరు చెప్పండి. వద్దంటే వదిలేయండి.

నోరు మెదపకుండా ఉండకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. పాప పాలే తాగడం లేదు, లేపినా మత్తుగా పడుంది, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది, ఒళ్లు కాలుతోంది లేదా చల్లబడిపోయింది, అరచేతులు అరికాళ్లు కూడా పచ్చబడ్డాయి అనుకోండి. తల్లికి జ్వరం, ఉన్నట్టుండి ఎక్కువ రక్తస్రావం, కళ్లు మసకబారేంత తలనొప్పి, కుట్ల దగ్గర చీము ఉన్నాయనుకోండి. అప్పుడు మొహమాటం అక్కర్లేదు. ఆమెను భయపెట్టేలా మంచం పక్కన కాకుండా, భర్తను బయటకు పిలిచి "దీన్ని ఇప్పుడే చూపించాలి" అని సూటిగా చెప్పండి, 108కి ఫోన్ చెయ్యండి. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోయినా, పాప పడుకున్నా నిద్ర పట్టకపోయినా డాక్టరుకు చూపించమని ఇంట్లోవాళ్లతో అనండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. "నేను లేకపోతేనే నయం" అన్న మాట మాత్రం రోజులు లెక్కపెట్టకుండా వెంటనే పట్టించుకోవాలి. ఆమెను ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

వాళ్లమ్మగారి ముందు ఆవిడ పద్ధతులను తప్పుపట్టకండి. పాపకు తేనె నాకించడం, నీళ్లు పట్టడం లాంటివి కంటపడితే నోరు ఊరుకోదు, నాకు తెలుసు. ఆ వయసులో తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, నీళ్లు కూడా వద్దు, తేనె అసలే ప్రమాదం. అలాంటిది చూస్తే గొడవ పెట్టకుండా మీ స్నేహితురాలితోనో, భర్తతోనో విడిగా "ఈ ఒక్కటీ డాక్టరును అడగండి" అనండి. మిగతా వాటిలో, కాటుక దగ్గర్నుంచి కడుపు కట్టు దాకా, మీకు నచ్చకపోయినా ఆ పూటకు వదిలేయండి. ఆవిడా రాత్రిళ్లు మేలుకుంటున్న మనిషే. "అమ్మా, మీ నడుం ఎలా ఉంది?" అని అడిగి చూడండి, ఆవిడ ముఖం ఎలా మారుతుందో.

భర్తను కూడా వదలకండి. అందరూ ఆయనతో "స్వీట్లేవి, పార్టీ ఎప్పుడు" అంటారు. ఆయన ఆఫీసుకు వెళ్తూ, ఆస్పత్రి బిల్లులు చూసుకుంటూ, రాత్రి పాపను భుజాన వేసుకుని వరండాలో తిరుగుతూ ఉంటాడు. ఆటో దాకా వస్తే "మీరు తిన్నారా? రాత్రి పడుకున్నారా?" అని అడగండి. తన కష్టం చెప్పుకుంటే "ఆమెతో పోలిస్తే నీదేముంది" అనకుండా వినండి.

లేచేటప్పుడు గుమ్మంలో నిలబడి మళ్లీ మాటలు మొదలుపెట్టకండి, అక్కడే ఇంకో పావుగంట పోతుంది. పాప చేతిలో డబ్బు పెట్టే అలవాటుంటే అమ్మగారి చేతికివ్వండి, నిద్రపోతున్న పిల్లను దాని కోసం కదపొద్దు. ఇంటికి చేరాక వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: "చేరాను. నిన్ను చూడటం సంతోషంగా ఉంది. జవాబు ఇవ్వక్కర్లేదు, పడుకో." నాలుగైదు రోజులు పోయాక మళ్లీ ఒకటి పెట్టండి, బారసాల సందడి అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక, నెల దాటాక, ఇంకోసారి పెట్టండి. మొదటి రెండు వారాల్లో వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లమ్మగారు ఊరెళ్లిపోయాక ఫోన్ చేసేవాళ్లు తక్కువ.